డివిడెండు విడిపోయే రోజు

2004 నవంబరు 12, శుక్రవారం. అమెరికాలో మార్కెట్ ముగిసే వేళకు మైక్రోసాఫ్ట్ షేరు 29 డాలర్ల 97 సెంట్ల దగ్గర ఆగింది. శని, ఆదివారాలు సెలవు. సోమవారం సాయంత్రానికి అదే షేరు 27 డాలర్ల 39 సెంట్లు. ఒక్క రోజులో ప్రతి షేరు మీదా 2 డాలర్ల 58 సెంట్లు తగ్గాయి. అంత పెద్ద కంపెనీకి ఇది చిన్న పతనం కాదు, తొమ్మిది శాతానికి దగ్గర. అయినా కంపెనీలో కుంభకోణమేదీ బయటపడలేదు, వ్యాపారం దెబ్బతినలేదు, షేర్లున్నవాళ్లెవరూ కంగారు పడలేదు. ఆ సోమవారం ధర దిగుతుందని మార్కెట్‌లో అందరికీ ముందే తెలుసు.

ఆ ఏడాది జులై 20న మైక్రోసాఫ్ట్ ఒక ప్రకటన చేసింది. కంపెనీ దగ్గర అప్పటికి 5,000 కోట్ల డాలర్లకు పైగా నగదు పోగుపడి ఉంది. అందులోంచి షేరుకు 3 డాలర్ల చొప్పున ఒకేసారి ప్రత్యేక డివిడెండు ఇస్తామని చెప్పింది. మొత్తం కలిపితే 3,200 కోట్ల డాలర్ల పైమాట. దానితోపాటు మూడు నెలలకోసారి ఇచ్చే మామూలు డివిడెండు 8 సెంట్లూ అదే తేదీకి పడింది. అంటే షేరుకు 3 డాలర్ల 8 సెంట్లు కంపెనీ ఖజానా వదిలి వాటాదారుల జేబుల్లోకి వెళ్లబోతున్నాయి. నవంబరు 15 సోమవారం నుంచి ఆ షేరు కొన్నవాళ్లకు ఈ డబ్బు మీద హక్కు లేదు. హక్కు లేని షేరుకు శుక్రవారం నాటి ధర ఎవరూ ఇవ్వరు.

మామిడి తోట బేరంలో ఇది మనకు తెలిసిన సంగతే. చెట్ల మీద కాపు ఉండగా తోట కొంటే ఒక ధర, కాయ కోసుకున్న తరవాత కొంటే ఇంకో ధర. ఆ రెండు ధరలకూ మధ్య తేడా ఆ ఏటి కాపు విలువ. తోటలో చెట్లు ఒక్కటీ తగ్గలేదు, నేల తగ్గలేదు, అయినా కోత అయిన మర్నాడు ధర తగ్గుతుంది. డివిడెండుతో కలిసి ఉన్న షేరుకూ, డివిడెండు విడిపోయిన షేరుకూ ఉన్న తేడా అదే.

ఒక డివిడెండు పుట్టి చేతికి చేరేదాకా నాలుగు తేదీలు ఉంటాయి. వీటిని కలగాపులగం చేసుకోవడం వల్లనే చాలామంది నష్టపోతారు కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. మొదటిది ప్రకటన తేదీ. డైరెక్టర్ల బోర్డు కూర్చుని షేరుకు ఇంత అని నిర్ణయించి స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలియజేసే రోజు. మూడోది రికార్డు తేదీ. ఆ రోజున వాటాదారుల జాబితాలో ఎవరి పేరుంటే వాళ్లకే డివిడెండు. నాలుగోది, చివరిది, డబ్బు ఖాతాలో పడే చెల్లింపు తేదీ. మధ్యలో రెండోది ఎక్స్-డివిడెండ్ తేదీ. దీన్ని కంపెనీ తన ఇష్టప్రకారం పెట్టుకోదు. కొన్న షేరు మన పేరుకు మారడానికి ఎన్ని రోజులు పడుతుందో దాన్నిబట్టి వస్తుంది.

మైక్రోసాఫ్ట్ తేదీలు చూస్తే ఈ లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. రికార్డు తేదీ నవంబరు 17, బుధవారం. అప్పట్లో అమెరికాలో షేరు కొన్నాక మూడో పనిరోజుకు గాని సెటిల్‌మెంట్ అయ్యేది కాదు. శుక్రవారం 12న కొంటే సోమ, మంగళ, బుధ లెక్కన సరిగ్గా 17కి పేరు జాబితాలోకి ఎక్కుతుంది. సోమవారం 15న కొంటే గురువారం 18కి ఎక్కుతుంది, అప్పటికి ఆలస్యమైపోయింది. అందుకే సోమవారం ఎక్స్-డివిడెండ్ రోజయింది. డబ్బు మాత్రం డిసెంబరు 2న చేతికొచ్చింది. అంటే రెండు వారాలకు పైగా వాటాదారు తెర మీద తగ్గిన ధరే చూశాడు, డివిడెండు మాత్రం ఖాతాలో కనిపించలేదు. ఆస్తి పోయినట్టు అనిపించే రోజులవి. నిజానికి ఆ మూడు డాలర్లు కంపెనీ అతనికి బాకీ ఉన్న సొమ్ము, అతని ఆస్తిలో భాగమే. సోమవారం ఉదయం ఆ షేరు అమ్మేసినా సరే, డివిడెండు అతనికే వస్తుంది.

మన దేశంలో ఇప్పుడు సెటిల్‌మెంట్ మర్నాడే అయిపోతుంది. 2023 జనవరి చివరికి షేర్లన్నీ ఈ పద్ధతిలోకి వచ్చాయి. దాంతో ఎక్స్-డివిడెండ్ తేదీ, రికార్డు తేదీ రెండూ ఒకే రోజున పడుతున్నాయి. పాత అలవాటున్నవాళ్లు, పాత పుస్తకాలు చదివినవాళ్లు ఇక్కడ పొరబడతారు. రికార్డు తేదీ శుక్రవారమైతే షేరు గురువారానికల్లా కొని ఉండాలి. శుక్రవారం పొద్దున కొంటే డీమ్యాట్‌లోకి వచ్చేది సోమవారం, డివిడెండు రాదు. ఇంకొక సంగతి. బోర్డు మధ్యలో ఇచ్చే మధ్యంతర డివిడెండుకు బోర్డు నిర్ణయం చాలు. ఏడాది చివర ఇచ్చే తుది డివిడెండును బోర్డు సిఫారసు మాత్రమే చేయగలదు, వాటాదారుల వార్షిక సమావేశం ఆమోదించాలి. డివిడెండు ఖరారైన ముప్పై రోజుల్లోగా చెల్లించాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. ఏడేళ్లపాటు ఎవరూ తీసుకోని డివిడెండు కేంద్ర ప్రభుత్వం నడిపే మదుపరుల విద్యా రక్షణ నిధికి వెళ్లిపోతుంది. తాతల నాటి కాగితపు షేర్లు బీరువాలో ఉన్న కుటుంబాలు ఈ ఒక్క విషయం తప్పక కనుక్కోవాలి.

ధర తగ్గుతుందని మార్కెట్‌కు ఎంత గట్టిగా తెలుసో చెప్పే చిన్న వివరం ఒకటి మైక్రోసాఫ్ట్ కథలోనే ఉంది. ఆ ప్రత్యేక డివిడెండుకు కంపెనీ ఒక షరతు పెట్టింది. ఉద్యోగుల స్టాక్ పథకాలను సవరించడానికి వాటాదారులు నవంబరు 9 నాటి సమావేశంలో ఒప్పుకోవాలి. ఎందుకంటే భవిష్యత్తులో ఫలానా ధరకు షేరు కొనే హక్కు, అంటే ఆప్షన్లు, వేల మంది ఉద్యోగుల దగ్గరున్నాయి. ఆప్షన్ ఉన్నవాడు ఇంకా వాటాదారు కాదు, అతనికి డివిడెండు రాదు. కాని షేరు ధర మూడు డాలర్లు తగ్గితే అతని హక్కు విలువ కూడా తగ్గుతుంది. తన తప్పేమీ లేకుండా అతను నష్టపోకూడదని ఆ లెక్క సరిచేశారు. డివిడెండు అనేది ఊరికే వచ్చిపడే అదనపు సొమ్మే అయితే ఈ సవరణకు అవసరమే ఉండేది కాదు.

మరి 3 డాలర్ల 8 సెంట్లు విడిపోతే ధర 2 డాలర్ల 58 సెంట్లే ఎందుకు తగ్గింది? ఆ సోమవారం మార్కెట్‌లో ఇంకా ఎన్నో కారణాలు పనిచేసి ఉంటాయి. కొత్త వార్తలొస్తాయి, ధరలు రోజూ ఒకటి రెండు శాతం అటూ ఇటూ కదులుతాయి. ఒక కంపెనీ ఒక రోజు లెక్కతో ఏదీ రుజువు కాదు. అయితే చాలా కంపెనీలను, చాలా రోజులను కలిపి చూసినప్పుడు కూడా ధర డివిడెండు కంటే కాస్త తక్కువే దిగుతుందని ఎడ్విన్ ఎల్టన్, మార్టిన్ గ్రూబర్ అనే పరిశోధకులు 1970లో చూపించారు. దానికి వాళ్లు చెప్పిన కారణం పన్ను. డివిడెండు మీద పన్ను ఎక్కువ, షేరు అమ్మిన లాభం మీద పన్ను తక్కువ అయిన కాలంలో రూపాయి డివిడెండు చేతిలో రూపాయిగా మిగలదు. కాబట్టి దాన్ని వదులుకోవడానికి కొనేవాడు పూర్తి రూపాయి తగ్గింపు అడగడు. ఆ తరవాత ఈ వివరణ మీద వాదాలు చాలా నడిచాయి. చిన్న డివిడెండ్ల విషయంలో అయితే కంటికి ఏమీ కనిపించదు. 1,500 రూపాయల షేరు మీద 5 రూపాయల డివిడెండు విడిపోతే, ఆ 5 రూపాయలు ఆ రోజు హెచ్చుతగ్గుల్లో కలిసిపోతాయి. అందుకే ధర తగ్గలేదే అని చాలామంది అనుకుంటారు. డివిడెండు పెద్దదైనప్పుడే విషయం బయటపడుతుంది.

ఇంతవరకు ఒప్పుకున్నాక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. నా షేరులోంచి తీసిన డబ్బే నాకు ఇస్తున్నప్పుడు, కంపెనీ డివిడెండు ఇచ్చినా ఇవ్వకపోయినా నాకు తేడా ఏమిటి? ఫ్రాంకో మోదిగ్లియానీ, మెర్టన్ మిల్లర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1961లో ఒక వ్యాసంలో దీనికి సూటిగా జవాబిచ్చారు. పన్నులు లేవు, బ్రోకరేజీ లేదు, కంపెనీ గురించి అందరికీ ఒకే సమాచారం ఉంది, కంపెనీ ఏ పనుల మీద పెట్టుబడి పెట్టాలో ముందే నిశ్చయమై ఉంది. ఇవన్నీ నిజమైన మార్కెట్‌లో డివిడెండు ఎంత ఇచ్చారన్నది వాటాదారు సంపదను మార్చదని వాళ్ల వాదం. మోదిగ్లియానీకి 1985లో, మిల్లర్‌కు 1990లో నోబెల్ బహుమతి వచ్చాయి. పుస్తకాల్లో ఈ వాదం సమీకరణాలతో ఉంటుంది గాని, దాని సారమంతా ఒక వాటాదారు చేతి లెక్కలో చూపించవచ్చు.

ఆమె దగ్గర ఒక కంపెనీ షేర్లు 900 ఉన్నాయనుకుందాం. షేరు ధర 300 రూపాయలు. మొత్తం 2,70,000. కంపెనీ దగ్గర షేరుకు 30 రూపాయల చొప్పున వాడకుండా ఉన్న నగదుంది. దాన్ని డివిడెండుగా పంచింది. ధర 270 అయింది. ఇప్పుడు ఆమె దగ్గర షేర్ల రూపంలో 2,43,000, చేతిలో 27,000. కూడితే మళ్లీ 2,70,000.

ఆమెకు ఆ నగదు అక్కర్లేదు, డబ్బు కంపెనీలోనే ఉండాలని ఆమె కోరిక. ఆ 27,000 పెట్టి 270 చొప్పున సరిగ్గా వంద షేర్లు కొనుక్కుంటుంది. ఇప్పుడు వెయ్యి షేర్లు, ఒక్కొక్కటి 270. మళ్లీ 2,70,000. కంపెనీ ఇచ్చిన డివిడెండును ఆమె తన ఇంట్లో కూర్చుని రద్దు చేసుకుంది.

కథను తిరగేద్దాం. కంపెనీ ఏమీ పంచలేదు, షేరు 300 దగ్గరే ఉంది. కాని ఆమెకు 27,000 అవసరం పడింది. 90 షేర్లు అమ్ముతుంది. మిగిలినవి 810, ఒక్కొక్కటి 300. అంటే 2,43,000 షేర్లలో, 27,000 చేతిలో. కంపెనీ డివిడెండు ఇచ్చినప్పుడు ఆమె ఎక్కడ నిలిచిందో రూపాయి తేడా లేకుండా అక్కడే నిలిచింది. దీన్నే ఆర్థికశాస్త్రంలో హోమ్‌మేడ్ డివిడెండు అంటారు. వాటాదారు సొంతంగా చేసుకున్న డివిడెండన్నమాట. కంపెనీ ఎంత పంచాలనుకున్నా, ఏ వాటాదారుకు ఎంత కావాలో ఆ వాటాదారే కొని గాని అమ్మి గాని సరిచేసుకోగలిగినప్పుడు, కంపెనీ ఎంచుకున్న అంకె కోసం ఎవరూ ఎక్కువ ధర ఇవ్వరు.

ఇక్కడ నేను తరచుగా వినే అభ్యంతరం ఒకటుంది. అది సహజమైనది, దాన్ని తేలిగ్గా తోసెయ్యకూడదు. "డివిడెండు తీసుకుంటే నా 900 షేర్లూ నాకే ఉంటాయి. అమ్ముకుంటే 810 అవుతాయి. ఏటా అమ్ముకుంటూ పోతే ఒకనాటికి చేతిలో ఏమీ మిగలదు కదా?" ఈ మాటలో తప్పు షేర్ల సంఖ్యను ఆస్తిగా లెక్కపెట్టడంలో ఉంది. డివిడెండు ఇచ్చిన కంపెనీలో 900 షేర్లున్నాయి, కాని ఒక్కో షేరు వెనక 270 రూపాయల విలువే ఉంది. ఇవ్వని కంపెనీలో 810 ఉన్నాయి, ఒక్కోదాని వెనక 300 ఉంది. మొదటి పద్ధతిలో షేరు చిక్కుతుంది, రెండోదానిలో షేర్లు తగ్గుతాయి. ఇవ్వకుండా దాచుకున్న డబ్బు కంపెనీలో సంపాదించుకుంటూ పోతుంది కాబట్టి మిగిలిన ఒక్కో షేరూ ఎక్కువ పెరుగుతుంది, మరుసటి ఏడు అంతే మొత్తానికి తక్కువ షేర్లు అమ్మితే సరిపోతుంది. ఆదాయానికి మించి అమ్ముకుంటూ పోతే ఆస్తి కరిగిపోతుందన్నది నిజమే. అయితే సంపాదనకు మించి డివిడెండు పంచే కంపెనీలోనూ అదే జరుగుతుంది. అక్కడ కరుగుతున్నది షేర్ల సంఖ్యలో కాక ధరలో కనిపిస్తుంది, అంతే.

కంపెనీ వైపునుంచి చూసినా ఇదే లెక్క. మన కంపెనీకి మొత్తం పదివేల షేర్లున్నాయనుకుందాం. షేరుకు 300 చొప్పున కంపెనీ విలువ 30 లక్షలు. అందులో 3 లక్షలు పంచాలి, కాని ఆ 3 లక్షలూ కొత్త యంత్రాలకు అవసరమే. అప్పుడు కంపెనీ డివిడెండు ఇచ్చేసి, కొత్తవాళ్లకు షేర్లు అమ్మి మళ్లీ 3 లక్షలు తెచ్చుకుంటుంది. కంపెనీ విలువ 30 లక్షలే ఉంటుంది, అయితే అందులో 3 లక్షల వంతు ఇప్పుడు కొత్తవాళ్లది. పాతవాళ్ల పదివేల షేర్లకు మిగిలింది 27 లక్షలు, షేరుకు 270. జరిగిందేమిటంటే పాతవాళ్లు తమ వాటాలో కొంత కొత్తవాళ్లకు అమ్ముకుని డబ్బు తీసుకున్నారు. 90 షేర్లు అమ్మి ఆమె చేసిన పనినే అందరి తరఫునా కంపెనీ చేసింది.

బైబ్యాక్ కూడా ఇంతే. కంపెనీ 3 లక్షలతో 300 చొప్పున వెయ్యి షేర్లు కొని రద్దు చేస్తే, 27 లక్షల విలువ తొమ్మిది వేల షేర్ల మీద నిలుస్తుంది. ధర 300 దగ్గర కదలకుండా ఉంటుంది. డివిడెండుకు ధర తగ్గుతుంది, బైబ్యాక్‌కు తగ్గదు కాబట్టి బైబ్యాకే మేలని కొందరంటారు. పన్నుల సంగతి పక్కనపెడితే ఆ వాదంలో పస లేదు. ఒకచోట డబ్బు అందరికీ కొంచెం కొంచెం వెళ్లింది, ఇంకోచోట అమ్మినవాళ్లకే వెళ్లింది.

అమెరికా ప్రభుత్వ లెక్కల్లో 2004 డిసెంబరులో ప్రజల వ్యక్తిగత ఆదాయం ఒక్కసారిగా ఎగసింది. మైక్రోసాఫ్ట్ డివిడెండే దానికి ముఖ్య కారణం. డివిడెండు ఆదాయపు పద్దులోకి వస్తుంది, షేరు ధర తగ్గడం ఆ పద్దులోకి రాదు. ఆ నెల వాటాదారులు అంతకు ముందు కంటే సంపన్నులేమీ కాలేదు. ఇంటి లెక్కల్లో మనం చేసే పొరపాటు కూడా ఇదే. ఖాతాలో పడిన డివిడెండును రాసుకుంటాం, ధరలో తగ్గిన భాగాన్ని రాసుకోం.

అయితే మోదిగ్లియానీ, మిల్లర్‌లు పెట్టుకున్న షరతుల్లో అన్నిటికంటే బరువైనది పెట్టుబడి నిశ్చయమై ఉందన్నది. కంపెనీ పంచని డబ్బు కంపెనీలో భద్రంగా ఉంటుందని, వాటాదారులకు మేలు చేసే పనికే ఖర్చవుతుందని ఆ లెక్క ముందే నమ్ముతుంది. ఆ నమ్మకం లేనిచోట డివిడెండు ఇవ్వడానికీ ఇవ్వకపోవడానికీ చాలా తేడా ఉంది. ఇది హైదరాబాదుకు బాగా తెలుసు. సత్యం కంప్యూటర్స్ పుస్తకాల్లో వేల కోట్ల నగదు కనిపించేది. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ, ప్రమోటర్ల కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. మదుపరులు తిరగబడ్డారు, అమెరికాలో ఆ కంపెనీ షేర్ల ధర కుప్పకూలింది, కొన్ని గంటల్లోనే ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. తమకు పంచగలిగిన సొమ్ము ఇంకెవరి సంస్థల్లోకో పోతోందన్నది వాళ్ల భయం. మూడు వారాల తరవాత 2009 జనవరి 7న అసలు సంగతి బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాశారు. లేని డబ్బును 300 రూపాయల షేరు వెనక ఉన్నట్టు లెక్కవేస్తే హోమ్‌మేడ్ డివిడెండు సూత్రం ఏమీ చేయలేదు. కంపెనీ చేతిలోంచి నిజంగా బయటికొచ్చిన నగదుకు కొందరు మదుపరులు ఇచ్చే అదనపు విలువ ఈ అనుభవాల వల్ల వచ్చిందే, దాన్ని అమాయకత్వమని నేను అనను.

రెండో పెద్ద మినహాయింపు పన్ను. 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో డివిడెండు వాటాదారు ఆదాయంలో కలుస్తుంది, అతని స్లాబు ప్రకారం పన్ను పడుతుంది. 900 షేర్ల ఆమె 30 శాతం స్లాబులో ఉంటే 27,000 డివిడెండు మీద 8,100 పన్ను, పైన సెస్సు. అదే 90 షేర్లు అమ్మిందనుకోండి. ఏడాదికి పైగా దాచుకున్నవి, ఒక్కోటి 200 పెట్టి కొన్నవి అయితే లాభం 9,000 మాత్రమే. నమోదైన షేర్ల దీర్ఘకాలిక లాభం మీద 2024 జులై 23 నుంచి పన్ను 12.5 శాతం, అదీ ఏడాదికి 1,25,000 దాటిన భాగం మీదనే. ఆ మినహాయింపు ఇతర లాభాలతో నిండిపోయి ఉన్నా ఆమె కట్టేది 1,125. నిండకపోతే ఏమీ కట్టక్కర్లేదు. పన్ను పరిధిలోకే రాని చిన్న ఆదాయస్థులకు ఈ తేడా ఉండదు. అందువల్ల డివిడెండు మంచిదా, అమ్ముకోవడం మంచిదా అన్న ప్రశ్నకు జవాబు కంపెనీ దగ్గర కంటే ఎక్కువగా మన పన్ను స్లాబులోనే దొరుకుతుంది.

డివిడెండు ముందురోజు కొని, డివిడెండు తీసుకుని, మర్నాడు అమ్మేద్దామనే ఆలోచన ఎక్కడ దెబ్బతింటుందో కూడా ఇప్పుడు తేలిగ్గా చూడొచ్చు. 300కి 900 కొని 270కి అమ్మితే 27,000 నష్టం, 27,000 డివిడెండు. చూడటానికి సరికి సరి. కాని ఆ డివిడెండు మీద 30 శాతం స్లాబువాళ్లకు 8,100 పన్ను పడుతుంది. షేర్లలో వచ్చిన 27,000 స్వల్పకాలిక నష్టాన్ని ఆ డివిడెండులోంచి తీసెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. ఇతర షేర్లు గాని ఆస్తులు గాని అమ్మిన లాభం ఉంటే అందులోంచే తీసుకోవాలి. బ్రోకరేజీ, లావాదేవీ పన్ను వీటికి అదనం.

షేర్లలో రోజువారీ హెచ్చుతగ్గులు ఈ లెక్కను కప్పేస్తాయి గాని, మ్యూచువల్ ఫండ్‌లో అది బట్టబయలుగా కనిపిస్తుంది. ఫండ్ తన యూనిట్ విలువను ఆస్తుల లెక్క కట్టి ప్రకటిస్తుంది కాబట్టి, యూనిట్‌కు 2 రూపాయలు పంచితే విలువ ఆ మేరకు తగ్గి తీరుతుంది. ఎంతోమంది, ముఖ్యంగా పదవీ విరమణ చేసినవాళ్లు, ఫండ్ డివిడెండును బ్యాంకు వడ్డీలాగా అసలు కదలకుండా వచ్చే రాబడి అనుకున్నారు. ఆ పొరపాటు పోవాలనే సెబీ 2021 ఏప్రిల్ 1 నుంచి డివిడెండు ఆప్షన్ పేరును మార్పించింది. ఇప్పుడు ఫండ్ కాగితాల్లో, యాప్‌లలో ఐడీసీడబ్ల్యూ అని కనిపించేది అదే. మీకు ఇస్తున్న దానిలో మీ సొంత మూలధనం కూడా ఉందని ఆ పేరులోనే రాయించారు.

నెలనెలా కొంత డబ్బు కావలసినవాళ్లకు ఫండ్లలో ఇంకో దారి కూడా ఉంది. గ్రోత్ ఆప్షన్‌లో డబ్బు పెట్టి, నెలకు ఇంత అని సిస్టమాటిక్ విత్‌డ్రాయల్ ప్లాన్ పెట్టుకోవడం. ప్రతి నెలా ఆ మొత్తానికి సరిపడా యూనిట్లను ఫండ్ తనంతట తానే వెనక్కి తీసుకుని డబ్బు పంపుతుంది. 90 షేర్లు అమ్మి ఆమె చేసుకున్న సొంత డివిడెండు ఇదే. ఎంత కావాలో, ఎప్పుడు కావాలో ఫండ్ మేనేజర్ కాక యూనిట్లున్నవాళ్లే నిర్ణయించుకుంటారు. ఐడీసీడబ్ల్యూలో వచ్చిన మొత్తమంతా ఆదాయంగా స్లాబు పన్నుకు లోనైతే, ఇక్కడ పన్ను ఆ యూనిట్లలో ఉన్న లాభం భాగం మీదే పడుతుంది. మొదలుపెట్టేముందు రెండు విషయాలు చూసుకోవాలి. చాలా ఈక్విటీ ఫండ్లలో ఏడాది లోపు తీసే యూనిట్లకు ఎగ్జిట్ లోడ్ ఉంటుంది, ఆ ఏడాది లోపు లాభానికి స్వల్పకాలిక పన్ను రేటే వర్తిస్తుంది.